నల్లటి జడలో మల్లెలు పెట్టి, వాటికి నీడ వేసిన పని

మా పిన్ని కూతురి ఫొటో ఒకటి ప్రింటుకు సిద్ధం చేస్తున్నప్పుడు ఈ పని నా చేతికి వచ్చింది. ముఖం కాస్త పక్కకు తిప్పి కూర్చుంది. మూడు పాయల జడను కుడి భుజం మీదుగా ముందుకు వేసుకుంది. ఫొటో చక్కగా వచ్చింది కానీ జడలో పూలు లేవు. "అక్కా, మళ్లీ తయారై దిగే ఓపిక నాకు లేదు, నువ్వే మల్లెలు పెట్టెయ్" అంది. నేను ఫొటోషాప్‌లో చేశాను. పొరలు, మాస్కులు ఉన్న ఏ ఎడిటర్‌లోనైనా ఇదే దారిలో చేయొచ్చు.

పువ్వును కత్తిరించి జడ మీద పెట్టడం పెద్ద పనేమీ కాదు. ఆ పువ్వు జుట్టులో దిగినట్టు, దాని రేకు ఒక పాయ మీద వాలినట్టు, ఆ రేకు కింద చిన్న నీడ పడినట్టు కనిపించాలి. ఎక్కువ సమయం తీసుకున్నది అదే. అందుకే పూలు వెతకడానికి ముందే ఆ ఫొటోలో వెలుతురు ఎలా పడుతోందో చూసుకున్నాను.

కంట్లో మెరిసే తెల్లటి చుక్క ఎడమవైపు పైన ఉంది. ముక్కు నీడ కుడివైపు కిందికి జారింది. అంటే మనకు ఎడమ పక్కన, తలకంటే ఎత్తులో కిటికీ ఉంది. ముక్కు నీడ అంచు మెత్తగా ఉంది కాబట్టి అది ఎండ కాదు, కిటికీలోంచి వచ్చే పరచుకున్న వెలుతురు. ఆ తర్వాత జడను పెద్దది చేసి చూశాను. ప్రతి పాయ ఉబ్బిన చోట ఎడమవైపు ఒక మెరుపు గీత ఉంది. రెండు పాయలు కలిసే గాడిలో దాదాపు చీకటి. ఆ మెరుపు గీతల మీదే ఈ పనంతా ఆధారపడింది, ఎందుకో నీడల దగ్గర చెబుతాను.

పూల ఫొటోలు నేనే తీశాను. ఇంటర్నెట్‌లో దొరికే మల్లెపూల బొమ్మల్లో వెలుతురు ఒక్కోదాంట్లో ఒక్కో వైపు నుంచి ఉంటుంది. పైగా చాలావాటిలో తెలుపు పూర్తిగా పేలిపోయి రేకుల మధ్య మడతలు కనిపించవు. కిటికీ పక్కన బల్ల మీద ముదురు గోధుమరంగు బట్ట పరిచి, దాని మీద ఒక సవరం పడుకోబెట్టి, పూలను ఆ సవరం మీదే ఉంచి తీశాను. కిటికీ ఎడమవైపు ఉండేలా, కెమెరా కోణం అసలు ఫొటోలో జడ కనిపిస్తున్న కోణానికి దగ్గరగా ఉండేలా చూసుకున్నాను. మూసుకున్న మొగ్గలు, సగం విచ్చినవి, పూర్తిగా విచ్చినవి అన్నీ కావాలి. ఒకే పువ్వును పదిసార్లు అతికిస్తే, ఎంత తిప్పి పెట్టినా కన్ను పట్టేస్తుంది. విచ్చిన మల్లె త్వరగా వాడి రేకు అంచు గోధుమరంగుకు తిరుగుతుంది కనుక, పూలు తాజాగా ఉండగానే తీసేయాలి.

సవరం మీద తీయడం వల్ల రెండు లాభాలు. నిజమైన రేకు నిజమైన జుట్టు మీద నీడ ఎలా వేస్తుందో ఒక నమూనా నా దగ్గర ఉండిపోయింది. నీడ వేస్తున్నంతసేపూ ఆ ఫొటోను పక్కన తెరిచి పెట్టుకున్నాను. రెండోది కత్తిరింపుకు సంబంధించింది. తెల్లటి పువ్వును ముదురు రంగు మీద తీస్తే దాని అంచులో కాస్త ముదురు రంగు కలిసి ఉంటుంది. దాన్ని నల్లటి జుట్టు మీద పెట్టినప్పుడు ఆ అంచు జుట్టులో కలిసిపోతుంది. ఆకుపచ్చ తెర మీద తీస్తే మాత్రం పలచటి రేకులోకి ఆ ఆకుపచ్చ పాకుతుంది. దాన్ని తుడవడం మహా కష్టం.

కత్తిరించడానికి Channels ప్యానెల్‌లో Green చానెల్‌ను నకలు తీసి, Levels తో నేపథ్యాన్ని నలుపుకూ పువ్వును తెలుపుకూ నెట్టి, దాన్నే మాస్కుగా వాడాను. Blue చానెల్‌లో మల్లె కాడ దగ్గరి లేత ఆకుపచ్చ బాగా నల్లబడిపోతుంది, Green లో కొంతైనా నిలుస్తుంది. తొడిమ దగ్గర మాస్కు పూర్తిగా రాకపోయినా నేను పట్టించుకోలేదు. ఆ భాగం ఎలాగూ జుట్టు లోపలికి పోతుంది.

ఇక కొలత. నిజంగా ఆమె జడ వెడల్పు దాదాపు 5 సెంటీమీటర్లు. విచ్చిన మల్లె రెండున్నర సెంటీమీటర్ల చొప్పున ఉంటుంది, అంటే జడ వెడల్పులో సగం. నా ఫైలు 8×12 అంగుళాల ప్రింటుకు 2400×3600 పిక్సెళ్లది. అందులో జడ వెడల్పు 260 పిక్సెళ్లు వచ్చింది. కాబట్టి విచ్చిన పువ్వు 130 పిక్సెళ్లకు అటూ ఇటూ, మొగ్గ అందులో సగం వెడల్పు. ఈ లెక్క వేసుకోకపోతే పువ్వును కంటికి అందంగా ఉందనిపించేదాకా పెంచుతూనే ఉంటాం, చివరికి మల్లె కాస్తా నందివర్ధనం అంత అవుతుంది. పువ్వు పరిమాణం తప్పితే నీడ ఎంత బాగున్నా నమ్మశక్యంగా ఉండదు.

పూలు పెట్టే చోటు గురించి పిన్నిని అడిగాను. తన కూతురికి రోజూ జడ వేసే మనిషి. "పాయ పాయకూ మధ్య గుచ్చాలి. పాయ నడి మధ్యలో పువ్వు నిలబడదమ్మా" అంది. ఆ ఒక్క మాటతో పొరల వరస తేలిపోయింది. ప్రతి పువ్వు కాడ రెండు పాయలు కలిసే గాడిలోకి దిగాలి. ఒక పాయ అంచు ఆ కాడను కప్పాలి, పువ్వు రేకులు పక్క పాయ మీదికి వాలాలి. అంటే ఒకే పువ్వు ఒక పాయకు కింద, ఇంకో పాయకు పైన ఉంటుంది.

దీనికి Layer Mask చాలు. పువ్వును గాడి మీద పెట్టి, Opacity 50కి తగ్గించి, కింద పాయ అంచు ఎక్కడుందో చూస్తూ ఆ అంచు వెంబడి మాస్కులో నల్లటి బ్రష్‌తో కాడను చెరిపాను. ఇక్కడ బ్రష్ గట్టిదనం ముఖ్యం. జుట్టు అంచు గీత గీసినట్టు ఒకే వరసలో ఉండదు, ఒక్కో వెంట్రుక ఒక్కో చోట ముగుస్తుంది. అందుకని ముందు మామూలు బ్రష్‌తో చెరిపి, తర్వాత 2 పిక్సెళ్ల బ్రష్‌తో వెంట్రుకలు పోతున్న దిశలోనే సన్నని గీతలు పువ్వు మీదికి లాగాను. ఆ గీతల్లోంచి కిందున్న అసలు జుట్టే కనిపిస్తుంది కాబట్టి రంగు కలపాల్సిన పని లేదు. తర్వాత Opacity మళ్లీ 100కి తెచ్చాను. కాడ దిగిన చోట పువ్వు అడుగుభాగం మీద మెత్తటి ముదురు రంగు కూడా కొద్దిగా వేశాను. గాడిలోకి వెలుతురు వెళ్లదు, అక్కడ తెల్లటి కాడ తెల్లగా వెలుగుతూ ఉంటే జుట్టు మీద అతికించినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు నీడలు. చాలామంది Drop Shadow నొక్కి వదిలేస్తారు. అది పువ్వు ఆకారాన్ని అలాగే కొంచెం పక్కకు జరిపి, అంతటా ఒకే మెత్తదనంతో వేస్తుంది. గోడ మీద అంటించిన కాగితం పువ్వుకైతే అది సరిపోతుంది. మల్లె రేకు అలా ఉండదు. మొదలు దగ్గర జుట్టును తాకుతుంది, చివర పైకి లేస్తుంది. తాకిన చోట నీడ రేకును అంటుకునే ఉంటుంది, లేచిన చోట దూరంగా జరుగుతుంది.

ఎంత జరుగుతుందో నా ఫొటోకే లెక్క వేసుకున్నాను. 260 పిక్సెళ్లు 5 సెంటీమీటర్లయితే, సెంటీమీటరుకు 52 పిక్సెళ్లు. రేకు చివర జుట్టు నుంచి సుమారు అర సెంటీమీటరు లేచి ఉందనుకుంటే 26 పిక్సెళ్ల ఎత్తు. వెలుతురు దాదాపు 45 డిగ్రీల వాలులో వస్తోంది. ఆ వాలులో ఎత్తు ఎంతో నీడ జరిగే దూరమూ అంతే. కాబట్టి రేకు చివరి నీడ 26 పిక్సెళ్ల దూరంలో కుడివైపు కిందికి పడాలి, మొదలు నీడ అస్సలు జరగకూడదు. పువ్వు ఆకారాన్ని నకలు తీసి, ముదురు రంగు నింపి, పువ్వు పొర కింద Multiply లో పెట్టి, Warp తో కాడ వైపు కదలకుండా ఉంచి రేకు చివరలను మాత్రమే లాగాను. అన్ని రేకులనూ ఒకే దూరం లాగలేదు. కిందికి పడుకున్న రేకుకు ఏడెనిమిది పిక్సెళ్లు చాలు, నిటారుగా నిలబడ్డ దానికే 26.

మెత్తదనం కూడా అంతే, దూరంతో పాటు పెరుగుతుంది. వెలుతురు వచ్చే కిటికీ ఎంత పెద్దదైతే, రేకు జుట్టుకు ఎంత దూరమైతే, నీడ అంచు అంత పరచుకుంటుంది. ఒక మీటరు వెడల్పు కిటికీ రెండు మీటర్ల దూరంలో ఉంటే, అంచు పరచుకునే వెడల్పు రేకుకూ దాని నీడకూ మధ్య దూరంలో సగం. 26 పిక్సెళ్ల ఎత్తు నుంచి 26 పిక్సెళ్లు పక్కకు జరిగిన నీడకు వాలు వెంబడి దూరం దాదాపు 37 పిక్సెళ్లు. ఆ లెక్కన మా రేకు చివరి నీడ అంచు 18 పిక్సెళ్ల వరకు పరచుకోవాలి, మొదట్లో గీతలా స్పష్టంగా ఉండాలి. నీడ పొరను రెండుగా చేసుకున్నాను. ఒకదానికి Gaussian Blur 1, ఇంకోదానికి 6. మొదటిది కాడ దగ్గర మాత్రమే, రెండోది రేకు చివర మాత్రమే కనిపించేలా మాస్కుల్లో మెత్తగా కలిపాను.

వీటికి తోడు మూడో నీడ ఒకటి ఉంది, అన్నిటికంటే చిన్నది. రేకు జుట్టును తాకే గీత వెంబడి రెండు మూడు పిక్సెళ్ల సన్నని చీకటి. అది వెలుతురు దిశతో సంబంధం లేకుండా ఎడమవైపు కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ సందులోకి ఏ వైపు వెలుతురూ సరిగా చేరదు. ఇది లేకపోతే పువ్వు జుట్టుకు ఒక వేలెడు పైన తేలుతున్నట్టు ఉంటుంది. పెద్ద నీడ వేశాక కూడా పువ్వు తేలుతోందనిపిస్తే ముందు ఈ గీత ఉందో లేదో చూడాలి.

ఇంతా చేశాక చూస్తే జడలో చాలాచోట్ల నీడ కనబడనే లేదు. Info ప్యానెల్‌లో అంకెలు చూస్తే కారణం తెలిసింది. ఆమె జుట్టు మామూలు చోట 25 దగ్గర ఉంది (0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు). మెరుపు గీత మీద 130. Multiply లో నలుపును 60 శాతం వేస్తే 25 కాస్తా 10 అవుతుంది, 130 వచ్చి 52 అవుతుంది. మొదటిదాంట్లో 15 మెట్ల తేడా, అదీ చీకట్లో, కన్ను దాన్ని గుర్తించదు. రెండోదాంట్లో 78 మెట్ల తేడా, వెంటనే కనిపిస్తుంది. నల్లటి జుట్టు మీద నీడ అంటే మెరుపు ఆగిపోవడమే. సవరం మీద తీసిన నమూనాలోనూ అదే ఉంది. రేకు కింద జుట్టు నల్లగా మారినట్టు లేదు, అక్కడిదాకా వస్తున్న మెరుపు గీత రేకు దగ్గర తెగి, నీడ దాటాక మళ్లీ మొదలైంది.

దీంతో పని తీరే మారింది. నీడ గాఢతను పెంచి పెంచి కనిపించేలా చేయాలనే ఆలోచన మానేశాను. అలా పెంచితే గాడులన్నీ ఒకే నల్లటి మడ్డిలా కలిసిపోయి పాయల విడివిడితనం పోతుంది. దానికి బదులు పూలనే కొంచెం జరిపాను. ప్రతి గాడిలో పువ్వును, దాని రేకు నీడ కుడివైపు పాయ మెరుపు గీతను దాటేలా అమర్చాను. మెరుపు లేని చోట నీడను దాదాపు వదిలేశాను. మెరుపు ఉన్న చోట మాత్రం నీడ ఆకారాన్ని శ్రద్ధగా దిద్దాను, ఎందుకంటే చూసేవాళ్లకు కనిపించే నీడ అక్కడే ఉంది. పాయ ఉబ్బు మీద నీడ కొంచెం వంగుతుంది, గాడిలోకి దిగగానే తెగిపోతుంది. ఆ వంపును Warp తో వేసి, గాడిలో మాస్కుతో చెరిపాను.

నీడ రంగు కూడా పూర్తి నలుపు కాకూడదు. జుట్టు మీద పడే నీడకు అదే జడలోని గాడి రంగు తీసుకున్నాను, చాలా ముదురు గోధుమ. కిందివైపున్న ఒక పువ్వు రేకు నీడ ఆమె మెడ కింద చర్మం మీద పడింది. అక్కడ జుట్టు నీడ రంగు వాడితే మసి పూసినట్టు ఉంటుంది. గడ్డం కింద నీడలోంచి ఎరుపు కలిసిన గోధుమరంగు తీసుకుని Opacity 35 దగ్గర ఆపాను. చర్మం లేత రంగు కాబట్టి అంతకే బాగా కనిపిస్తుంది.

పువ్వు నీడ పక్క పువ్వు మీద పడే చోటు ఇంకా సున్నితమైనది. తెలుపు మీద నీడ ఏ కాస్త గట్టిగా వేసినా మురికిలా ఉంటుంది. మల్లె రేకు పలచన, దాంట్లోంచి కొంత వెలుతురు దిగుతుంది. పక్క రేకుల నుంచి కూడా వెలుతురు తిరిగి పడుతుంది. అక్కడ 25 శాతం దాటలేదు. రంగు బూడిద, అందులో కొద్దిగా పసుపు.

జడ నుంచి విడిపోయిన వెంట్రుకలు కొన్ని రేకుల మీదుగా పోవాలి. నిజమైన జడలో అవి తప్పకుండా ఉంటాయి. పూలన్నీ శుభ్రంగా జుట్టు పైనే ఉంటే కొత్తగా అంటించారని ఇట్టే తెలిసిపోతుంది. జడ అంచు నుంచి బయటికి వస్తున్న వెంట్రుకలను చూసి, వాటినే పొడిగిస్తున్నట్టు, ఒకటిన్నర రెండు పిక్సెళ్ల మందంలో, చివర సన్నబడేలా గీశాను. ప్రతి పువ్వు మీదా కాదు, నాలుగైదు చోట్ల మాత్రమే. జుట్టు మీద రేకు నీడ కంటే రేకు మీద వెంట్రుక నీడే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అది తెల్లటి చోటు. అందుకని ఒక్కో వెంట్రుకకు మూడు నాలుగు పిక్సెళ్ల దూరంలో, కుడివైపు కిందికి, లేత బూడిదరంగు గీత ఇంకోటి వేసి Gaussian Blur 1 ఇచ్చాను. ఆ జంట గీత వల్ల వెంట్రుక రేకును అంటుకోకుండా కాస్త పైన ఉన్నట్టు తెలుస్తుంది. నాకు ఈ పనంతటిలో బాగా నచ్చిన భాగం ఇదే.

తెలుపును అదుపులో పెట్టడం చివరిదాకా మిగిలింది. ఫొటోలో అప్పటికే ఉన్న తెలుపు ఏదో చూసుకోవాలి. ఇక్కడ కళ్లలోని తెలుపు వెలుతురు వైపు 190 దగ్గర ఉంది, చెంప మీద మెరుపు 215. అలాంటి ఫొటోలో పువ్వు 255 ఉంటే ముఖం కంటే ముందు పూలే కనబడతాయి. పూలన్నిటినీ ఒక గుంపులో పెట్టి, పైన Curves పొరను Clipping Mask గా తగిలించి, వెలుతురు వైపు రేకును 235కు, నీడ వైపు రేకును 170కి దించాను. చర్మానికి దగ్గరగా ఉన్న రేకుల నీడ వైపు కొద్దిగా వెచ్చటి రంగు కలిపాను. పూల ఫొటో దగ్గరనుంచి తీసింది కనుక అసలు ఫొటో కంటే స్పష్టంగా ఉంది. 0.5 బ్లర్ ఇచ్చి, ముఖం దగ్గర ఉన్న గ్రెయిన్‌కు సరిపోయేంత Add Noise కలిపాను.

సరిచూడటానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. అన్నిటి పైన ఒక Curves పొర పెట్టి, చీకటి భాగాలను విపరీతంగా పైకి లాగుతాను. ఫొటో చూడటానికి అసహ్యంగా మారుతుంది కానీ నల్లటి జుట్టులో దాగినవన్నీ బయటపడతాయి. మాస్కు చివర మిగిలిన సవరం ముక్కలు, గాడిలో వెళ్లకూడని చోటికి వెళ్లిన నీడ, జుట్టు సహజ నలుపుకూ నేను వేసిన నలుపుకూ మధ్య తేడా, అన్నీ తెలుస్తాయి. చూశాక ఆ పొరను తీసేయాలి. ఫోన్‌లో వెలుగు పూర్తిగా పెంచి చూసేవాళ్లకు వీటిలో కొన్ని కనిపించొచ్చు, కాబట్టి ఈ పరీక్ష దాటకుండా పంపకూడదు. ఆ తర్వాత ఫొటోను అడ్డంగా తిప్పి కూడా చూశాను. అప్పుడే ఒక మొగ్గ నీడ మిగతావాటి కంటే ఎక్కువ వాలుగా ఉన్నట్టు కనబడింది, సరిచేశాను.

ఈ పద్ధతి అన్ని ఫొటోలకూ నడవదు. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో నీడలు వస్తువుల వెనక్కి పోతాయి, రేకు నీడ వేయడానికి చోటే ఉండదు. జుట్టు పూర్తిగా 0కి పడిపోయిన ఫొటోలో పాయలే కనబడవు, ఇక మెరుపు తెగడం ఎక్కడ చూపిస్తాం? అలాంటి వాటికి పూలు ఒకదానికొకటి దగ్గరగా కూర్చి, పువ్వు మీద పువ్వు నీడతోనే నెట్టుకురావాలి.

పిన్నికి చూపిస్తే, "మొగ్గలు ఇంకాస్త దగ్గరగా ఉండాలి. జడ చివర కూడా రెండు పెట్టు" అంది. మొగ్గలు దగ్గరికి జరిపాను. జడ చివర భాగం కిటికీకి దూరమై, మెరుపు లేకుండా చీకట్లో ఉంది. అక్కడ పువ్వు పెడితే నీడ కనబడదు, తెల్లటి చుక్కల్లా విడిగా తేలతాయని చెప్పి, ఆ పూలు పెట్టి ఒక నకలు చేసి చూపించాను. ఆమె కూడా వద్దంది. ప్రింటుకు పంపే ముందు జడ గాడుల్లో చీకటిని 10 నుంచి 18కి లేపాను, ఎందుకంటే కాగితం మీద నలుపు తెర మీద కంటే త్వరగా మూసుకుపోతుంది. పొరలున్న ఫైలు నా దగ్గర ఉంచుకుని, అన్నీ కలిపిన TIFF ను ప్రింటుకు ఇచ్చాను.